మా అమ్మాయి పదాల పట్టికలో ‘ఎడ్యుకేషన్’కు ‘శిక్ష’ అని ఉంది: పట్టికను ఎక్కడ దిద్దాలి?

మహేంద్రతనయ_గట్టు

పర్లాకిమిడిలో మాకు చిన్న ఇనుప సామాన్ల కొట్టు ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొట్లో సగం తెలుగు సగం ఒడియా, మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది ఒడియా మాధ్యమంలో. ఇంగ్లీషు మాటలు దానికి నిలవడం లేదని వేసవి సెలవుల్లో నాలుగు గళ్ల పట్టిక మొదలుపెట్టించాను. మొదటి గడిలో మాట, రెండో గడిలో తెలుగు అర్థం, మూడో గడిలో ఒక వాక్యం, నాలుగో గడిలో ఆ మాటను ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో. వారమంతా నోటుపుస్తకంలో రాసుకొని, ఆదివారం నా ఫోన్‌లోని షీటులోకి ఎక్కిస్తుంది. ఇప్పటికి 180 మాటలయ్యాయి.

పోయిన వారం శ్రీకాకుళం నుంచి మా బావమరిది వచ్చి షీటు చూసి, ‘ఎడ్యుకేషన్ అంటే శిక్షా? మేనకోడలికి మీరు నేర్పిస్తున్నది ఇదా?’ అని పగలబడి నవ్వాడు. ఆ మర్నాడే తరగతిలో అమ్మాయి ‘డెవలప్’ అని చదివితే ఉచ్చారణ తప్పని చెప్పి, తెలుగు అక్షరాల్లో రాసుకుంటే ఇలాగే ఉంటుందని, ఆ గడి మొత్తం కొట్టేయమని అన్నారట. అప్పటినుంచి పిల్ల పట్టిక ముట్టుకోవడం లేదు.

షీటులో ఉన్నది ఉన్నట్టుగా నాలుగు వరుసలు పెడుతున్నాను. నిజంగా ఆ గడి కొట్టేయాలా, లేక దిద్దుకొనే దారి ఉందా?

```
develop   | అభివృద్ధి చేయు | We develop our village. | డెవలప్
education | శిక్ష          | Education is important. | ఎడ్యుకేషన్
attempt   | చేష్ట          | I attempt.              | అటెంప్ట్
bank      | బ్యాంకు        | This is a bank.         | బ్యాంక్
```

బరంపురం_సుబ్బు

ఎనిమిదో తరగతి పిల్లను అడిగితే ఎడ్యుకేషన్ అంటే శిక్షేనని ఒప్పుకుంటుంది. మీ బావమరిది అనవసరంగా నవ్వారు.

గంజాం_షీటు

గళ్లు సరిగా కనబడటం లేదన్నదే మీ ఇబ్బంది అయితే, తెలుగు గడికి వెడల్పు పెంచి, గడిలోని అక్షరాలు తర్వాతి వరుసకు మడిచే అమరిక పెట్టుకోండి. అచ్చు తీసేటప్పుడు కాగితాన్ని అడ్డంగా పెడితే నాలుగు గళ్లూ ఒకే పుటలో పడతాయి.

మహేంద్రతనయ_గట్టు

షీటు బాగానే కనిపిస్తోందండి. నా బెంగ గళ్ల వెడల్పు గురించి కాదు, గళ్లలో ఉన్నదాని గురించి.

కాశీనగర్_మాస్టారు

నేను ఒడియా మాధ్యమం ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేశాను. నా తరగతుల్లో ఎప్పుడూ మూడో వంతు పిల్లలు తెలుగిళ్ల వాళ్లే కాబట్టి ఈ ‘శిక్ష’ నాకు పాత చుట్టం. మీ అమ్మాయి తప్పు రాయలేదు, రెండు భాషల మధ్య దారి తప్పింది. ఒడియాలో ‘శిక్షా’ అంటే చదువు. బడిలో ఎడ్యుకేషన్‌కు అర్థం అదే చెబుతారు. ఆ మాట చెవికి తెలుగు మాటలాగే ఉంటుంది కాబట్టి పిల్ల దాన్ని ఉన్నపళంగా తెలుగు గడిలో పెట్టేసింది. మూడో వరుస చూడండి, అక్కడా ఇదే జరిగింది. ఒడియాలో ‘చేష్టా’ అంటే ప్రయత్నం, మనకు చేష్టలంటే కోతి చేష్టలే.

ఇలాంటివి ఇంకొన్ని మీ 180లో దాక్కొని ఉంటాయి. ‘నావెల్’ అనే మాట ఉంటే దాని పక్కన ‘ఉపన్యాసం’ అని ఉందేమో చూడండి, ఒడియాలో నవలను ఉపన్యాసమనే అంటారు. ‘ఎస్సే’ పక్కన ‘ప్రబంధం’, సెలవులకు సంబంధించిన మాట పక్కన ‘అవకాశం’ ఉన్నాయేమో కూడా వెతకండి. పట్టుకొనే ఉపాయం ఒకటుంది. రెండో గడిని మూసి, అర్థాన్ని ఇంట్లో బామ్మకు చెప్పినట్టు చెప్పమనండి. ‘చదువు’ అని నోటికి వస్తే ఆ వరుస సరైనదే. ‘శిక్ష’ అనే వస్తే అది బడి నుంచి మోసుకొచ్చిన మాట.

ఉచ్చారణ గడి సంగతి పెద్దది, రాత్రికి రాస్తాను. అందాకా దాన్ని కొట్టేయకండి.

సిరివంచ_గోదారి

మాది గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర వైపు. మాస్టారు చెప్పినది చదివాక ఒక వింత తట్టింది. మరాఠీలో ‘శిక్షా’ అంటే తెలుగులో లాగే దండన, చదువుకు వాళ్లు ‘శిక్షణ్’ అంటారు. మన తెలుగులో శిక్షణ అంటే తర్ఫీదు. అందుకే మా వైపు పిల్లలు ఎడ్యుకేషన్‌కు ‘శిక్షణ’ అని, ట్రైనింగ్‌కు కూడా ‘శిక్షణ’ అని రాసి, రెండూ ఒకటే కదా అని వాదిస్తారు. మీ పిల్ల తప్పు కనీసం నవ్వు తెప్పించి బయటపడింది, మా పిల్లల తప్పు ఒప్పులాగే కనిపిస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

రాయగడ_లక్ష్మి

నేను నర్సుగా చేరిన కొత్తలో ఇలాంటి పట్టికే పెట్టుకున్నాను, కానీ నన్ను ముంచినది రెండో గడి ఒక్కటే కాదు, దానికి తోడు మూడో గడి ఖాళీగా ఉండటం. ‘కంప్లెయిన్’ అనే మాట పక్కన ‘ఫిర్యాదు చేయు’ అని రాసుకున్నాను, వాక్యం రాసుకోలేదు. మొదటి నెలలో ఒక రోగి కాగితంలో ఛాతీ నొప్పి గురించి ఆ మాట కనిపించింది. అప్పుడు బయట కూర్చున్న ఆయన కొడుకుతో, ‘మీ నాన్నగారు ఛాతీ నొప్పి మీద ఫిర్యాదు చేశారు’ అని చెప్పాను. అతను కంగారుపడి, ‘ఎవరి మీద ఫిర్యాదు చేశాడమ్మా, మేము ఎవరినీ ఏమీ అనలేదే’ అన్నాడు. ఆ మాట తర్వాత ‘ఆఫ్’ అనే చిన్న మాట చేరి జబ్బు పేరు వస్తే, ఫలానా బాధ ఉందని చెప్పుకోవడం అని అర్థం. ఒక్క వాక్యం రాసుకొని ఉంటే ఆ రోజు అంత నవ్వులపాలు అయ్యేదాన్ని కాదు.

బరంపురం_సుబ్బు

లక్ష్మిగారు, ఛాతీ నొప్పి మీద ఫిర్యాదును ఏ ఠాణాలో తీసుకుంటారో ఆ రోజే అడగవలసింది.

పద్యాల_పంతులు

ఉచ్చారణ గడికి బయటనుంచి అరువు తెచ్చుకోవలసిన గుర్తులేవీ అక్కరలేదని నా అభిప్రాయం. ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, మిగిలినవి తేలిపోతాయి. మనకు గురువు, లఘువు ఉండనే ఉన్నాయి. ‘పలీస్’ను చూడండి, ప లఘువు, లీస్ గురువు. ఇంగ్లీషులో ఊనిక కూడా లీస్ మీదే. ‘బలూన్’ కూడా అంతే, లూన్ గురువు, ఊనిక దాని మీదే. పిల్లచేత ప్రతి మాటకూ గురులఘువులు గుర్తింపజేస్తే ఉచ్చారణ దానంతట అదే కుదురుతుంది. ఎనిమిదో తరగతి పిల్లకు ఛందస్సు కూడా వచ్చేస్తుంది.

కాశీనగర్_మాస్టారు

పంతులుగారు సరైన చోటే వేలు పెట్టారు, కాని ఎంచుకున్న రెండు మాటలూ వారికి అనుకూలంగా పలికాయి. అమ్మాయికి అక్షింతలు పడ్డ మాటనే తీసుకుందాం.

‘డెవలప్’ అని రాసింది. డె లఘువు, వ లఘువు, చివర పొల్లు ఉంది కాబట్టి లప్ గురువు. తెలుగు నోరు సహజంగానే గురువు దగ్గర ఆగుతుంది, కాబట్టి పిల్ల ‘డెవ-లప్పు’ అన్నట్టుగా చివర బరువు వేసి చదివింది. ఇంగ్లీషులో ఊనిక నడిమి అక్షరం మీద ఉంటుంది. పైగా అక్కడ ఉన్నది ‘వ’ కాదు, ‘వె’. మొదటిది డె కాదు, డి. ‘డి-వె-లప్’ అని నడుమ గట్టిగా, చివర తేలికగా పలకాలి. గట్టిగా పలకవలసిన ‘వె’ మన లెక్కలో లఘువు, తేల్చేయవలసిన ‘లప్’ మన లెక్కలో గురువు. గురులఘువులను నమ్ముకుంటే సరిగ్గా తలకిందులవుతుంది. ‘మినిట్’ కూడా ఇంతే, ఊనిక మి మీద, గురువు నిట్ మీద. మనకు గురువంటే పలకడానికి పట్టే కాలం, ఇంగ్లీషులో ఊనిక అంటే గొంతు పెట్టే బలం. రెండూ కొన్ని మాటల్లో కలుస్తాయి, కలిసినంత మాత్రాన ఒకటి కావు.

అందుకని తరగతిలో చెప్పినదానిలో సగం నిజం. తప్పు తెలుగు అక్షరాలది కాదు. డెవలప్ అని రాసినప్పుడు అచ్చులు రెండు తప్పాయి, ఊనిక గుర్తు అసలే లేదు. బడిలో ఒడియా అక్షరాల్లో రాసుకున్నా ఇదే తప్పు వచ్చి ఉండేది.

నేను పిల్లలచేత చేయించినది ఇది. నోటుపుస్తకంలో ఊనిక ఉన్న అక్షరం కింద ఒక గీత, అంతే. ఫోన్‌లో గీత కుదరకపోతే ఆ అక్షరం ముందు పైన అపాస్ట్రఫీ అనే చిన్న కొమ్ము గుర్తు. మాట మారినప్పుడు గీత కూడా జరుగుతుందని చూపించడానికి ‘ఫోటగ్రాఫ్’, ‘ఫటాగ్రఫీ’ పక్కపక్కన రాయించేవాణ్ని. మొదటి మాటలో గీత ‘ఫో’ కింద, రెండో మాటలో ‘టా’ కింద. ఊనిక పోయిన ‘ఫో’ ఉత్త ‘ఫ’గా ఎలా చిక్కిపోయిందో చూస్తే, ఊనిక లేని అచ్చులు ఎందుకు తేలిపోతాయో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

పద్యాల_పంతులు

‘మినిట్’ దగ్గర ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. అయినా మన పిల్లలు గురువు దగ్గర ఆగుతారన్నది మీరే చెప్పారు. అంటే గురులఘువులు గుర్తిస్తే, ఎక్కడ తప్పు పలకబోతారో ముందే తెలుస్తుంది కదా. గురువు ఒకచోట, మీ గీత ఇంకోచోట పడిన మాటలకే ఎక్కువ సాధన అవసరమని అర్థం.

కాశీనగర్_మాస్టారు

ఆ రకంగా వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. నాకు ఇన్నేళ్లలో తట్టని ఆలోచన ఇది.

గంజాం_షీటు

మాస్టారు చెప్పిన కొమ్ము గుర్తు షీటులో ఒక చోట దగా చేస్తుంది. గడిలో మొట్టమొదటి అక్షరంగా ఆ గుర్తు కొడితే, దాన్ని ‘ఇది అంకె కాదు, ఉత్త రాత’ అనే సూచనగా తీసుకొని షీటు దాచేస్తుంది. ‘మినిట్’ లాంటి మొదటి అక్షరం ఊనిక మాటలన్నిటికీ గుర్తు మాయమై, మధ్యలో ఉన్నవాటికి మాత్రం మిగులుతుంది. అప్పుడు పిల్ల వాటికి ఊనికే లేదనుకుంటుంది. మొదట్లో రెండుసార్లు కొడితే ఒకటి దాక్కొని ఒకటి కనిపిస్తుంది.

మహేంద్రతనయ_గట్టు

మీరు మొదట నా ప్రశ్నను పొరబాటుగా అర్థం చేసుకున్నారనుకున్నాను, ఇప్పుడు మీరే అక్కరకు వచ్చారు. నిన్న రాత్రి 12 మాటలకు గుర్తులు పెట్టి, అయిదు మాటలకు కనపడక నా కళ్లద్దాలు తుడుచుకున్నాను.

సిరివంచ_గోదారి

అచ్చుల దగ్గర తెలుగు లిపికి ఒక లోటు ఉంది. ‘బ్యాట్’, ‘క్యాట్’లో వినిపించే అచ్చుకు మరాఠీలో అర్ధచంద్రం గుర్తు ఉంది, అక్షరం మీద ఆ చంద్రవంక పెడితే చాలు. మనం య వత్తు పెట్టి దీర్ఘం తీస్తున్నాం. చిన్న పిల్లలు దాన్ని విడదీసి ‘బి-యాట్’ అని చదువుతున్నారు. మా అబ్బాయి చాలాకాలం ‘బియాంకు’ అన్నాడు.

కాశీనగర్_మాస్టారు

మరాఠీకి ఆ సదుపాయం ఉన్న మాట నిజం. అయితే తెలుగులో ఆ అచ్చు లేదని అనుకోకండి. ‘వచ్చాడు’, ‘చేశాడు’ అని కోస్తా జిల్లాల వాళ్లు పలికేటప్పుడు ఆ ‘చా’, ‘శా’లలో ఉన్నది ‘ఆ’ కాదు, ‘క్యాట్’లోని అచ్చే. మనకు ధ్వని ఉంది, అక్షరం లేదు. పిల్లచేత ‘వచ్చాడు’ అనిపించి, ఆ నోటితోనే ‘బ్యాట్’ అనిపించండి.

కొత్తూరు_కోడలు

మాస్టారు, మా వైపు ‘వచ్చాడు’ అని ఎవరంటారండీ? ‘ఒచ్చినాడు’, ‘సేసినాడు’ అంటాం. పర్లాకిమిడి పిల్ల కూడా అదే అంటుంది. మీరు చెప్పిన ఉపాయం రాజమండ్రిలో పనిచేస్తుంది గానీ ఇక్కడ పనిచేయదు.

కాశీనగర్_మాస్టారు

నిజమేనమ్మా. నాకు ఆ ఉపాయం నేర్పినవారు గోదావరి జిల్లా మనిషి, నేను సరిచూడకుండా చెప్పేశాను. మన వైపు పిల్లలకు వినిపించి చూపించడమే దారి.

బరంపురం_సుబ్బు

తెలుగు లిపి లోట్లు ఏకరువు పెడుతున్నారు గనుక దాని పక్షాన ఒక మాట. ఒడియాలో రాసేటప్పుడు ఎ, ఏ అని రెండు లేవు, ఒక్కటే ఉంటుంది. ఒ, ఓ కూడా అంతే. మా కొట్టు కుర్రాడు ఒడియా అక్షరాల్లో సరుకుల చీటీ రాసుకొని వెళ్లి, మిరియాల పొడికి బదులు కాగితాల కట్ట మోసుకొచ్చాడు. ‘పెప్పర్’, ‘పేపర్’ రెండూ వాడి చీటీలో ఒకలాగే ఉన్నాయి. ‘గెట్’కు ‘గేట్’కు, ‘వెట్’కు ‘వెయిట్’కు తేడా తెలుగు గడిలో కనిపించినంత తేలికగా ఒడియా గడిలో కనిపించదు. ఆ గడి కొట్టేయవద్దనడానికి ఇది చాలదా?

గుణుపురం_కుర్రాడు

హల్లుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘జూ’, ‘జీరో’, ‘రోజెస్’ లలోని ధ్వనికి మన జ సరిపోదు. పాత పుస్తకాల్లో జ మీద అంకె లాంటి గుర్తు పెట్టి ‘ౙ’ అని రాసేవారు. 2008లో యూనికోడ్‌లో కూడా దాన్ని చేర్చారు. ఉచ్చారణ గడిలో ‘ౙూ’, ‘ౙీరో’ అని రాసుకుంటే గొడవ తీరిపోతుంది.

కాశీనగర్_మాస్టారు

ఆ అక్షరం ‘జల్లెడ’, ‘జున్ను’ లాంటి మాటల్లోని దంత్య ధ్వనికి ఉద్దేశించినది. ‘జల్లెడ’ అని మెల్లగా అనండి, నాలుక పళ్ల వెనుక ఒకసారి తగిలి విడిపోతుంది. ‘జూ’ అని ఇంగ్లీషులో అనేటప్పుడు నాలుక ఎక్కడా తగలకూడదు, ‘స’ అంటూ గొంతులో నాదం కలిపితే అదే వస్తుంది. ‘స్‌స్‌స్’ అని తుమ్మెదలా మోగించమంటే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. ౙ మామూలు జ కంటే దగ్గరిదే గాని అసలుది కాదు.

గుణుపురం_కుర్రాడు

అసలుది కాకపోతేనేం, గుర్తుగా పనికొస్తుంది కదా? ఫ అక్షరం కూడా అసలు ఇంగ్లీషు ధ్వనిది కాదు, అయినా ‘ఫ్యాన్’ అని రాస్తే అందరూ పెదవిని పళ్లకు తాకించే పలుకుతున్నారు. అలవాటు చేస్తే ౙ కూడా అంతే.

మహేంద్రతనయ_గట్టు

నా ఫోన్‌లో ఆ అక్షరం కనిపిస్తోంది, మా ఆవిడ పాత ఫోన్‌లో ఖాళీ డబ్బా కనిపిస్తోంది. పిల్ల చూసుకొనేది ఆ ఫోన్‌లోనే.

పద్యాల_పంతులు

ఉన్న లిపికి అదనపు గుర్తులు తగిలించుకోవడం మన ఊరికి కొత్తేమీ కాదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవరల భాష నేర్చుకొని, మొదట తెలుగు లిపిలోనే ఆ భాషకు పుస్తకాలు రాశారు. తర్వాత 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాలు వాడి, దీర్ఘం ఉన్నచోటల్లా అచ్చు పక్కన రెండు చుక్కలు పెట్టారు. విన్న ధ్వనికి తగ్గ గుర్తును ఎంచుకొని, దాన్ని చివరిదాకా ఒకేలా వాడారు. అమ్మాయి కూడా గీతో, చుక్కో, ౙయో ఏదో ఒకటి ఎంచుకొని పట్టిక మొదటి పుటలో రాసుకోవాలి. వారానికొక గుర్తు మారిస్తే ఆరు నెలల తర్వాత దానికే అర్థం కాదు.

రాయగడ_లక్ష్మి

నాకు ఇంకో అనుమానం. ఉచ్చారణ గడిని ఎవరు నింపుతున్నారు? నేను స్పెల్లింగు చూసి ఊహించి రాసుకొనేదాన్ని. ‘రిసీట్’ను ‘రిసీప్ట్’ అని, ‘సాల్మన్’లో ఎల్ అక్షరాన్ని పలికేట్టు, ఇలా ఎన్నో. తప్పు గడిలో రాసి, రోజూ చదివి మరీ గట్టిపరచుకున్నాను.

మహేంద్రతనయ_గట్టు

మా అమ్మాయి కూడా స్పెల్లింగు చూసే రాస్తుంది. అర్థం కానివి నన్ను అడుగుతుంది, నేను కొట్లో పేర్లు పలికే తీరులో చెబుతాను. మా కొట్లో ‘స్క్రూ’ ఎప్పుడూ ‘ఇస్క్రూ’యే, ‘బోల్ట్’ ఎప్పుడూ ‘బోల్టు’యే.

కాశీనగర్_మాస్టారు

అసలు జబ్బు లక్ష్మిగారికి దొరికింది. కంటితో చూసి నాలుగో గడి నింపకూడదు, చెవితో విని నింపాలి. ఫోన్ నిఘంటువుల్లో మాట పక్కన స్పీకర్ బొమ్మ ఉంటుంది. అమ్మాయి దాన్ని నొక్కి మూడుసార్లు వినాలి, స్పెల్లింగు మూసేసి తనకు వినిపించినది పెన్సిలుతో రాయాలి, ఆ తర్వాత తన రాత చూసి చదువుతూ మళ్లీ ఒకసారి విని సరిపోల్చుకోవాలి. అప్పుడే పెన్ను. ఒక మాటకు రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి రోజుకు రెండు మాటలకు మించి పెట్టకండి. వారానికి ఎన్ని ఎక్కిస్తున్నారు?

మహేంద్రతనయ_గట్టు

ఇరవై.. ఒక్కోసారి ముప్ఫై. ఎక్కువైతే మంచిదనుకున్నాను.

కాశీనగర్_మాస్టారు

సగానికి తగ్గించండి. మీరు చెప్పిన ‘ఇస్క్రూ’, ‘బోల్టు’ గురించి కూడా ఒక మాట. స తర్వాత ఇంకో హల్లు వస్తే ముందు ఇకారం చేర్చడం, చివర హల్లు ఉంటే ఉకారం చేర్చడం తెలుగు నోటి అలవాట్లు. ‘బస్సు’, ‘రోడ్డు’ అని తెలుగు మాట్లాడేటప్పుడు అవి తప్పు కావు, అవి మన మాటలైపోయాయి. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం పొల్లు పొల్లుగానే ఉండాలి. అందుకే రెండో గడిలో ‘బ్యాంకు’, నాలుగో గడిలో ‘బ్యాంక్’ అని అమ్మాయి రాసినది నాకు నచ్చింది. తెలియకుండానే తేడా చూపించింది.

ఇక ఆ వరుస వాక్యమే పనికిరాదు. ‘దిస్ ఈజ్ ఎ బ్యాంక్’ అన్న వాక్యంలో ఆ మాట తీసి బల్ల, మేక, కుర్చీ ఏది పెట్టినా వాక్యం నిలబడుతుంది. మాట తీసేసి గీత పెడితే, ఆ ఖాళీలో అదే మాట పట్టేట్టు ఉన్న వాక్యం కావాలి. మీ ఊరికి మహేంద్రతనయ ఉంది కదా, నది గట్టును కూడా బ్యాంక్ అనే అంటారు. రెండు అర్థాలకు రెండు వరుసలు. ‘అటెంప్ట్’కు అయితే వాక్యం కోసం వెతకనే అక్కరలేదు, అమ్మాయి ప్రతి ప్రశ్నపత్రం మీదా ఉంటుంది.

‘రికార్డ్’ లాంటి మాటలకు ఉచ్చారణలోనే రెండు వరుసలు కావాలి. వస్తువైతే ఊనిక ముందు, పనైతే వెనుక. ‘ప్రెజెంట్’ కూడా అంతే.

కొత్తూరు_కోడలు

ఏ దేశపు గొంతు వినాలి మాస్టారు? మా పాపకు ఒక నిఘంటువు ‘షెడ్యూల్’ అంది, ఇంకొకటి ‘స్కెడ్యూల్’ అంది. మా పాప రెండూ రాసి మధ్యలో ప్రశ్నార్థకం పెట్టింది.

కాశీనగర్_మాస్టారు

మొదటిది బ్రిటన్ పలుకుబడి, రెండోది అమెరికాది. మన బడుల్లో మొదటినుంచీ ఉన్నది బ్రిటన్ పద్ధతి కాబట్టి నేను దాన్నే పెట్టమంటాను, అయితే అది నా అలవాటు మాత్రమే. ఏదో ఒక నిఘంటువునే పట్టుకోమనండి. ప్రశ్నార్థకం తీసేసి ఒకటి ఉంచమనండి.

గుణుపురం_కుర్రాడు

ఈ రోజుల్లో పిల్లలు వినేదంతా అమెరికా ఇంగ్లీషే. అదే పెట్టుకుంటే తప్పేమిటి?

సిరివంచ_గోదారి

ఇది తేలదు. మా ఇంట్లోనే తేలలేదు.

మహేంద్రతనయ_గట్టు

పది రోజులయ్యింది. ‘శిక్ష’ లాంటివి 180లో ఏడు దొరికాయి. బామ్మ ముందు కూర్చోబెట్టి చెప్పించే ఉపాయంతోనే అన్నీ బయటపడ్డాయి. ‘నావెల్’ పక్కన ఉపన్యాసం ఉండనే ఉంది. ఒడియా అర్థాలు కొట్టేస్తానంటే అమ్మాయి ఒప్పుకోలేదు, బడిలో అడిగేది అదే కదా అంది. అందుకని అయిదో గడి గీసి, ఒడియా మాటను ఒడియా అక్షరాల్లో అక్కడ పెట్టుకుంది. లిపి మారేసరికి రెండూ కలగలిసిపోవడం లేదు. ఉచ్చారణకు కొమ్ము గుర్తు పెట్టుకున్నాం, మొదట్లో వస్తే రెండుసార్లు. ౙ పెట్టలేదు, జ కింద చుక్క పెన్సిలుతో వేస్తోంది. షీటులో మాత్రం చుక్క కుదరలేదు. దిద్దిన నాలుగు గళ్లు ఇవి.

```
develop   | ఎదుగు, పెంపొందించు | Seeds develop into plants.       | డి'వెలప్
education | చదువు, విద్య       | She left home for her education. | ఎడ్యు'కేషన్
attempt   | ప్రయత్నించు        | Attempt any five questions.      | అ'టెంప్ట్
bank      | నది గట్టు          | We sat on the bank of the river. | 'బ్యాంక్
```

నిన్న అది సొంతంగా ‘వెజ్‌టబుల్’ అని విని రాసుకుంది. నేను నలభై ఏళ్లుగా ‘వెజిటేబుల్’ అంటున్నాను. కూరల బజారు నుంచి ఇంటిదాకా నాచేత అనిపిస్తూనే ఉంది. ఊనిక ఎక్కడో తేలక ‘ట’ ముందు గుర్తు పెట్టింది. సరేనా మాస్టారు?

కాశీనగర్_మాస్టారు

గుర్తు ‘వె’ ముందు పడాలి. షీటులో రెండుసార్లు కొట్టమనండి.